సగటు 4/5 సరే, డెవలపర్ రేపు ఏం చేయాలి?

ఫీచర్లన్నిటికీ తలా ఇన్ని మార్కులు వేసి, కూడి, భాగించి, "మొత్తానికి 4/5, బాగుంది" అని ముగించే బీటా రిపోర్టు, అంటే యాప్ విడుదలకి ముందే వాడి చూసినవాళ్లు రాసే రిపోర్టు, ఎందుకూ కొరగాదని నా గట్టి అభిప్రాయం. ఇలా అంటే కొంతమందికి కోపం వస్తుంది. "ఊరికే టైము పెట్టి వాడి చూశాం, మార్కులు కూడా వేశాం, ఇంకేం కావాలి?" అంటారు. న్యాయమే. కానీ ఆ రిపోర్టు చదివాక కూడా రేపు పొద్దున ఏ పని ముందు చేపట్టాలో డెవలపర్‌కి తెలియకపోతే, పెట్టిన టైమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఊరికే సిద్ధాంతాలు చెప్పకుండా ఒక్క యాప్‌నే పట్టుకుని మాట్లాడతాను. మందుల టైము గుర్తుచేసే ఆండ్రాయిడ్ యాప్ ఒకటి. ఇంకా బయటికి రాలేదు కాబట్టి పేరు వద్దు. ప్లే స్టోర్‌లో క్లోజ్డ్ టెస్టింగ్ అనే పద్ధతిలో, అంటే పిలిచినవాళ్లకి మాత్రమే కనపడేలా ఇచ్చారు. అది చేయాల్సిన పనులు మూడు. మందు పేరు, మోతాదు, టైము ఎక్కించుకోవాలి. ఆ టైముకి గుర్తుచేయాలి. వేసుకున్నామో లేదో క్యాలెండర్‌లో చూపించాలి. టెస్టర్ల గ్రూపులో ఒకాయన రాసిన రిపోర్టు ఇది: "డిజైన్ 5, క్యాలెండర్ 5, మందు ఎక్కించడం 4, రిమైండర్లు 2. సగటు 4. రిమైండర్లు ఒక్కోసారి లేటుగా వస్తున్నాయి, చూడగలరు."

లెక్క కరెక్టే. నాలుగూ కలిపితే 16, భాగిస్తే 4. కానీ ఆ యాప్ ఉన్నదే గుర్తుచేయడానికి. రిమైండర్ టైముకి రాకపోతే క్యాలెండర్ ఎంత అందంగా ఉంటే ఏం లాభం? అందమైన రంగులే రిమైండర్ల లోటు పూడ్చినట్టు సగటు చూపిస్తుంది. నిజానికి ఏ ఫీచరూ ఇంకోదాని లోటు పూడ్చదు.

ఇక ఆ "ఒక్కోసారి" అనే మాట సంగతి. డెవలపర్ దాన్ని చదివి తన ఫోన్‌లో రిమైండర్ పెట్టి చూశాడు. ఠంచనుగా మోగింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ మోగింది. "నా దగ్గర బాగానే వస్తోందండీ" అని జవాబు రాసి ఊరుకున్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. డెవలపర్ ఫోన్ రోజంతా కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించే ఉంటుంది, అంటే ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంటుంది. మనం వెతుకుతున్న తప్పు సరిగ్గా చార్జింగ్‌లో లేనప్పుడే బయటపడే రకం. ఆయన బల్ల మీద అది జన్మలో కనపడదు.

నాకూ రిమైండర్ ఆలస్యమైంది. సాయంత్రం 6:00కి రావాల్సింది 6:41కి వచ్చింది, అదీ నేను ఫోన్ చేతిలోకి తీసుకున్న క్షణంలో. ఆ చివరి ముక్కే అసలు క్లూ. ఎంత లేటయిందో అందరూ రాస్తారు. వచ్చిన క్షణంలో ఫోన్ ఎలా ఉంది, మనం ఏం చేస్తున్నాం అన్నది దాదాపు ఎవరూ రాయరు. ఫోన్ ముట్టుకోగానే ఊడిపడిందంటే అంతసేపూ దాన్ని ఏదో ఆపి ఉంచిందన్నమాట.

అక్కడి నుంచి పని సులువే. ఒక్కసారికి ఒక్క సంగతే మార్చి చూడాలి. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి, స్క్రీన్ ఆపి, బల్ల మీద వదిలేస్తే రిమైండర్ టైముకే వచ్చింది. చార్జర్ తీసేసి అలాగే కదపకుండా వదిలేస్తే లేటు. చార్జర్ లేకుండానే ఫోన్ వాడుతూ ఉంటే మళ్లీ టైముకే. ఫోన్‌లో మామూలు గడియారం అలారం మాత్రం ఏ పరిస్థితిలోనైనా టైముకే మోగింది. ఇంతవరకు చూడ్డానికి టెక్నికల్ జ్ఞానం ఏమీ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

ఆండ్రాయిడ్ గురించి కాస్త తెలిసినవాళ్లకి ఇక్కడ గంట కొడుతుంది. ఆండ్రాయిడ్ 6.0 నుంచి డోజ్ అనే ఏర్పాటు ఉంది. చార్జింగ్ లేకుండా, స్క్రీన్ ఆరిపోయి, ఫోన్ కొంతసేపు కదలకుండా పడి ఉంటే సిస్టమ్ నిద్రలోకి జారుకుంటుంది. ఆ నిద్రలో మామూలు అలారాలను వాయిదా వేసి, మధ్యమధ్యలో కాసేపు మెలకువ వచ్చినప్పుడో, మనం ఫోన్ తీసినప్పుడో వదులుతుంది. సరిగ్గా ఆ నిమిషానికే మోగాలంటే యాప్ ఎగ్జాక్ట్ అలారం అనే ప్రత్యేక రకం వాడాలి, దానికి వేరే అనుమతి కావాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన చాలా యాప్‌లకు ఆ అనుమతి దానంతటది రాదు, మనమే ఇవ్వాలి. సెట్టింగ్స్‌లో Alarms & reminders అనే పేజీలో చూస్తే మన యాప్ పక్కన స్విచ్ ఆఫ్‌లో ఉంది. ఇవ్వమని యాప్ ఎక్కడా అడగనే లేదు. స్విచ్ ఆన్ చేసి, చార్జర్ లేకుండా బల్ల మీద పెట్టి మళ్లీ చూస్తే టైముకే వచ్చింది.

ఈ పరీక్షకి ప్రతిసారీ గంటలు గంటలు కూర్చోనక్కర్లేదు. కంప్యూటర్ నుంచి కేబుల్ ద్వారా ఫోన్‌కి ఆదేశాలు పంపే adb అనే టూల్ ఉంటే ఫోన్‌ని బలవంతంగా ఆ నిద్రలోకి పంపొచ్చు:

```
adb shell dumpsys battery unplug
adb shell dumpsys deviceidle force-idle
```

కేబుల్ తగిలించి ఉన్నా మొదటి లైను వల్ల చార్జింగ్ లేదని ఫోన్ నమ్ముతుంది. డెవలపర్ బల్ల మీద కూడా తప్పు కనపడాలంటే ఈ రెండు లైన్లు రిపోర్టులో ఉంటే చాలు. పరీక్ష అయ్యాక మామూలు స్థితికి తేవడం మర్చిపోవద్దు, లేకపోతే బ్యాటరీ గుర్తు అబద్ధం చెబుతూనే ఉంటుంది:

```
adb shell dumpsys deviceidle unforce
adb shell dumpsys battery reset
```

adb తెలియకపోయినా నష్టం లేదు. "చార్జర్ తీసి, కదపకుండా గంట వదిలేయండి" అని రాసినా డెవలపర్‌కి అర్థమవుతుంది. ఇంతా అయ్యాక నేను పంపిన ముక్క ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను:

> ఫోన్ కదలకుండా ఉంటే రిమైండర్ ఆలస్యంగా వస్తోంది. తీవ్రత: 4.
>
> యాప్ బిల్డ్ 46, ఆండ్రాయిడ్ 14, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినది. బ్యాటరీ సేవర్ ఆఫ్. నోటిఫికేషన్ల అనుమతి ఇచ్చాను.
>
> ఎలా తెప్పించాలి: గంట తర్వాతకి ఒక రిమైండర్ పెట్టండి. చార్జర్ తీసి, స్క్రీన్ ఆపి, ఫోన్ కదపకుండా వదిలేయండి.
>
> రావాల్సింది: పెట్టిన నిమిషానికి. వచ్చింది: 41 నిమిషాలు లేటుగా, ఫోన్ చేతిలోకి తీసుకోగానే. 5 సార్లు చూస్తే 4 సార్లు ఇలాగే. చార్జింగ్‌లో ఉంటే ఒక్కసారీ లేటవలేదు.
>
> నా అనుమానం: Alarms & reminders అనుమతి ఆఫ్‌లో ఉంది, యాప్ అడగలేదు. చేత్తో ఆన్ చేస్తే టైముకి వస్తోంది.

ఇందులో చూసినది వేరుగా, ఊహించినది వేరుగా పెట్టడం చాలామందికి చాదస్తంలా అనిపిస్తుంది. కాదు. నా ఊహ తప్పయినా పైన ఉన్న పరిశీలన చెక్కుచెదరదు. రెండూ కలగలిపి "అనుమతి అడగకపోవడం వల్ల రిమైండర్లు లేటవుతున్నాయి" అని ఒకే వాక్యంలో రాస్తే, ఊహ తప్పని తేలిన రోజున డెవలపర్ మొత్తం రిపోర్టునే పక్కన పడేస్తాడు. పైగా ఆ 5లో టైముకి వచ్చిన ఆ ఒక్కసారి కూడా రాయాలి. దాన్ని దాచేస్తే కేసు బలంగా కనిపిస్తుంది గానీ, రేపు డెవలపర్ చూసినప్పుడు టైముకి వస్తే మన మాట మీద నమ్మకం పోతుంది.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పేస్తాను. `adb bugreport` అని కొడితే ఫోన్ లాగ్ మొత్తం ఒక జిప్ ఫైలుగా వస్తుంది. డెవలపర్‌కి అది బంగారం. కానీ అందులో మన ఫోన్‌లో ఉన్న యాప్‌ల జాబితా, అకౌంట్లు, ఇంకా బోలెడు సొంత వివరాలు ఉంటాయి. దాన్ని అందరూ ఉన్న గ్రూపులో పడేయకండి. అడిగితే, అడిగినవాళ్లకి మాత్రమే పంపండి. మందుల యాప్ స్క్రీన్‌షాట్లకూ ఇదే మాట. అసలు మందుల పేర్లు కాకుండా ఉత్తుత్తి పేర్లు పెట్టి టెస్ట్ చేస్తే గొడవే ఉండదు.

ఇప్పుడు ఆ 4 సంగతి. అది 5కి 4 కాదు. వాడేవాళ్లకి ఒక యాప్ ఎంత తేలిగ్గా ఉందో చూసే యూజబిలిటీ రంగంలో పేరున్న యాకోబ్ నీల్సన్ ప్రచారంలోకి తెచ్చిన స్కేలు 0 నుంచి 4 దాకా ఉంటుంది. 0 అంటే అసలు సమస్యే కాదు. 1 అంటే పైపై లోపం, టైముంటే చూడొచ్చు. 2 చిన్నది, 3 పెద్దది. 4 అంటే ఇది సరిచేయకుండా విడుదల చేయకూడదు. చూడండి, ప్రతి అంకెకీ చేయాల్సిన పని ఒకటి అంటుకుని ఉంది. స్టార్లకి ఆ గుణం లేదు. నా 3 స్టార్లూ మీ 3 స్టార్లూ ఒకటే అని ఎవరు చెప్పగలరు? ఒకరు డిస్టింక్షన్ మార్కులు వేసినట్టు వేస్తారు, ఇంకొకరు పాస్ మార్కులు వేసినట్టు వేస్తారు.

ఆ అంకె ఎలా వేయాలన్నదానికి నీల్సన్ మూడు సంగతులు చూడమంటాడు. ఎంత తరచుగా వస్తుంది, వచ్చినప్పుడు ఎంత దెబ్బ, ఒకసారి తెలిశాక దాటిపోగలమా లేక ప్రతిసారీ తగులుతూనే ఉంటుందా. నా అనుభవంలో టెస్టర్లు మొదటిదాన్ని అతిగా, మూడోదాన్ని తక్కువగా పట్టించుకుంటారు. మూడోదాని బరువు తెలియాలంటే ఇదే యాప్‌లో ఉన్న రెండు చిరాకులు చూద్దాం.

మొదటిది: మందు ఎక్కించే ఫారంలో మోతాదు దగ్గర కీబోర్డు తెరుచుకోగానే "సేవ్" బటన్ దాని వెనక దాక్కుంటుంది. ఫోన్‌లో అక్షరాల సైజు పెద్దది పెట్టుకున్నవాళ్లకి మాత్రమే ఇలా జరుగుతుంది. మామూలు సైజులో కొంచెం అంచు కనపడుతూనే ఉంటుంది. నాకు తెలియక కాసేపు స్క్రీన్ అంతా నొక్కాను, తర్వాత కీబోర్డు దించితే బటన్ కనపడింది. రెండోసారి నుంచి ఇబ్బంది లేదు, అలవాటైపోయింది. రెండోది: ఒకే మందు రోజుకి మూడుసార్లు వేసుకోవాలంటే ఫారం మొత్తం మూడుసార్లు నింపాలి. పేరు, మోతాదు, ఎన్నాళ్లు, అన్నీ మొదటినుంచి. ఎక్కడా చిక్కుకోలేదు, అంతా స్పష్టంగానే ఉంది. కాకపోతే విసుగు.

మార్కులు వేయమంటే చాలామంది మొదటిదానికి ఎక్కువ తీవ్రత వేస్తారు, ఎందుకంటే అక్కడ కంగారు పడ్డారు. నేను కూడా మొదటిదానికే 3 వేశాను గానీ కారణం వేరు. నాలాంటివాడికి అది ఒక్కసారి తగిలి పోయే దెబ్బ, నా లెక్కన 1 చాలు. కానీ మందుల యాప్ వాడేవాళ్లలో పెద్ద అక్షరాలు పెట్టుకునేవాళ్లు ఎక్కువమంది ఉండే అవకాశం ఉంది. కీబోర్డు దించాలని తట్టకపోతే వాళ్లు మొదటి మందు దగ్గరే ఆగిపోతారు. ఆగిపోయినవాళ్లకి రెండోసారి అనేదే ఉండదు. రెండోదానికి 2 వేశాను. ఎవరినీ ఆపదు, కానీ ప్రతి కొత్త మందుకీ తగులుతుంది, అలవాటైనా తగ్గదు. అంకెతో పాటు ఈ కారణం కూడా ఒక వాక్యంలో రాశాను. నా అంచనా తప్పని చూపే లెక్కలు డెవలపర్ దగ్గర ఉంటే అంకె మార్చుకుంటాడు, కారణం చూశాడు కాబట్టి ఏది మార్చాలో తెలుస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. "నాకు ఎలా అనిపించిందో చెప్పడమే కదా బీటా టెస్టింగ్? వేరేవాళ్ల తరఫున ఊహించడం మా పనా?" పూర్తిగా తప్పు అనను. అందుకే రిపోర్టులో రెండూ వేరువేరుగా రాస్తాను: నాకు తగిలిన దెబ్బ ఇంత, ఎవరికి ఎక్కువ తగలొచ్చు. కానీ నా చిరాకుని మాత్రమే స్కేలు చేసి కొలిస్తే, నాలాంటి ఫోన్, నాలాంటి కళ్లు ఉన్నవాళ్లకే యాప్ బాగుపడుతుంది.

చిరాకుల విషయంలో ఇంకో పెద్ద చిక్కుంది. క్రాష్‌ని పదిసార్లు తెప్పించొచ్చు. తికమకని తెప్పించలేం. సేవ్ బటన్ ఎక్కడుందో ఒకసారి తెలిశాక మనం ఇక కొత్త మనుషులం కాదు. యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా మన బుర్ర మళ్లీ ఖాళీ అవ్వదు. ఆ మాటకొస్తే యాప్ కూడా కొత్తది కాకపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఆటో బ్యాకప్ ఆన్‌లో ఉంటే పాత సెట్టింగులు తిరిగొచ్చేస్తాయి, "మొదటిసారి" స్క్రీన్లు కొన్ని కనపడనే కనపడవు. కాబట్టి మొదటిసారి తెరవబోయే ముందే స్క్రీన్ రికార్డింగ్ మొదలుపెట్టండి, మనసులో అనుకునేది పైకి అంటూ వాడండి. "ఇప్పుడు దీన్ని నొక్కాలేమో... అరె, ఇది కాదా" అన్న ఆ ఒక్క ముక్క, తర్వాత తీరిగ్గా కూర్చుని రాసే పేరా కంటే విలువైనది. తర్వాత రాసేటప్పుడు మన జ్ఞాపకం ఆ తడబాటుని చక్కగా ఇస్త్రీ చేసేస్తుంది.

రికార్డింగ్ మొత్తం పంపొద్దు, పదిహేను నిమిషాల వీడియో ఎవరూ చూడరు. తడబడిన చోట టైము రాయాలి: "2:10 దగ్గర సేవ్ కోసం వెతికాను, 2:32కి దొరికింది." అక్కడ ఏం దొరుకుతుందనుకున్నారో కూడా రాయాలి. "బటన్ పైన కుడివైపు ఉంటుందనుకున్నాను" అన్నది పనికొచ్చే సమాచారం. "బటన్‌ని పైన కుడివైపుకి మార్చండి" అన్నది ఆర్డరు. చూడ్డానికి రెండూ ఒకటే గానీ డెవలపర్‌కి మొదటిది తలుపు తెరుస్తుంది, రెండోది మూస్తుంది. బటన్‌ని పైకి మార్చకుండా కీబోర్డు మీద తేలేలా చేయొచ్చు, ఫారం దానంతటదే పైకి జరిగేలా చేయొచ్చు. ఏది తేలికో కోడ్ రాసినవాళ్లకి తెలుస్తుంది. సలహా ఇవ్వొద్దని కాదు, అడుగున "నాకైతే ఇలా అనిపించింది" అని ఒక లైను చాలు.

మెచ్చుకోలు సంగతి త్వరగా ముగిస్తాను. "యూఐ సూపర్" వల్ల ఉపయోగం లేదు. కానీ "మందు వేసుకున్నాక నోటిఫికేషన్ నుంచే టిక్ పెట్టగలగడం వల్ల యాప్ తెరవాల్సిన పనే పడట్లేదు, దీన్ని తీసేయకండి" అన్నది అవసరం. తర్వాతి బిల్డులో ఎవరో డిజైన్ సర్దుతూ ఆ టిక్‌ని ఎగరగొట్టే ప్రమాదం నిజంగా ఉంటుంది.

తర్వాతి బిల్డు 47 వచ్చింది. ఎగ్జాక్ట్ అలారం అనుమతి అడగడం చేర్చామని డెవలపర్ చెప్పాడు. ఇక్కడే చాలామంది "ఫిక్స్ అయింది, థాంక్స్" అని రాసి వదిలేస్తారు. నేను యాప్ తీసేసి, బ్యాకప్ ఆపి, కొత్తగా ఎక్కించి, అదే వరసలో మళ్లీ చూశాను. అనుమతి ఇస్తే రిమైండర్ టైముకి వచ్చింది. ఇవ్వకపోతే మళ్లీ లేటే, కానీ అలా లేటవుతుందని యాప్ ఎక్కడా చెప్పట్లేదు. పైగా అనుమతి అడుగుతున్నది యాప్ మొదటిసారి తెరవగానే, ఇంకా ఒక్క మందూ ఎక్కించకముందు. అప్పుడు అదెందుకో ఎవరికీ అర్థం కాదు. వెనక్కి వచ్చేసేవాళ్లే ఎక్కువ ఉంటారని నా అంచనా.

అందుకని పాత రిపోర్టుని మూసేయమని రాసి, ఇదే విషయం మీద కొత్తది తెరిచాను: "అనుమతి ఇవ్వనివాళ్లకి రిమైండర్ లేటవుతోంది, హెచ్చరిక లేదు. తీవ్రత: 3." 4 ఎందుకు కాదంటే ఇప్పుడు దారి ఉంది, కనీసం ఒకసారి అడుగుతోంది. 2 ఎందుకు కాదంటే ఆ అడగడాన్ని కాదన్నవాళ్లకి తమ మందు టైము దాటిపోతోందన్న సంగతే తెలియదు. మొదటి రిమైండర్ సేవ్ చేసే క్షణంలో అడిగితే ఎక్కువమంది ఒప్పుకుంటారేమో అన్నది అడుగున ఒక లైనుగా పెట్టాను. డెవలపర్ ఈసారి "నా దగ్గర బాగానే వస్తోంది" అనలేదు. "అనుమతి లేనప్పుడు హోమ్ స్క్రీన్ మీద ఎర్ర పట్టీ చూపిస్తే సరిపోతుందా, లేక రిమైండర్ సేవ్ చేయనివ్వకుండా ఆపాలా?" అని అడిగాడు. ఆపొద్దన్నాను. ఆపితే, లేటుగా వచ్చినా పర్వాలేదనుకునేవాళ్లని కూడా గుమ్మంలోంచే పంపేసినట్టవుతుంది. పట్టీ మాత్రం బిల్డ్ 48లో వస్తుందట. రాగానే అక్షరాల సైజు పెద్దది పెట్టి చూడాలి, పట్టీలో మాటలు సగానికి తెగిపోయే అవకాశం బాగా ఉంది.